స్కూప్ కొలాజెన్ ఎక్కడి దాకా వెళ్తుంది?

ఇన్‌స్టా ఓపెన్ చేస్తే చాలు, ఎవరో ఒకరు గ్లాసు నీళ్లలో తెల్ల పొడి కలుపుతూ కనిపిస్తున్నారు. రెండు నెలలు తాగితే చర్మం మెరుస్తుందట, మోకాళ్లు పట్టుకోవట. కింద కామెంట్లలో ఇంకో బ్యాచ్ రెడీగా ఉంటుంది. ‘‘కడుపులోకి వెళ్లాక అన్నీ అమైనో ఆమ్లాలే. కొలాజెన్ అయితేనేం, కోడిగుడ్డు అయితేనేం’’ అని వాళ్ల వాదన.

ఈ రెండు మాటల్లోనూ సగం నిజం ఉంది. మిగతా సగం తెలియాలంటే ఆ పొడి వెంట మనమూ ప్రయాణం చేయాలి. గ్లాసులో మొదలుపెట్టి పొట్ట, పేగు, రక్తం మీదుగా చర్మం, కీలు దాకా వెళ్దాం. ఏ స్టాప్‌లో ఎంత దిగిపోతోంది, చివరికి ఎంత మిగులుతోంది అన్నదే ఈ వారం మన లెక్క.

పాయా నుంచి పొడి దాకా

కొలాజెన్ అంటే మూడు పోగుల తాడు. ఒక్కో పోగులో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ ఉంటుంది. మిగతా రెండు స్థానాల్లో ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ ఎక్కువగా కనిపిస్తాయి. ఈ హైడ్రాక్సీప్రోలిన్ పేరు గుర్తుపెట్టుకోండి, కథలో హీరో అదే. మొత్తం తాడు బరువు దాదాపు 3 లక్షల డాల్టన్లు. డాల్టన్ అంటే అణువుల బరువు చెప్పే కొలత. ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు సుమారు ఒక డాల్టన్.

ఇంట్లో మేక కాళ్లు గంటలకొద్దీ మరిగించి పాయా చేస్తారు కదా. అప్పుడు ఈ తాడు విడిపోయి పోగులు నీళ్లలోకి వస్తాయి. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే చారు గడ్డకట్టి జెల్లీలా ఉంటుంది. అదే జెలటిన్. దాన్నే ఫ్యాక్టరీలో ఎంజైములతో ఇంకా చిన్న ముక్కలు చేస్తే డబ్బాలో అమ్మే కొలాజెన్ పెప్టైడ్లు తయారవుతాయి. వీటి బరువు సాధారణంగా 2,000 నుంచి 5,000 డాల్టన్ల మధ్య ఉంటుంది. అంటే ఒక్కో ముక్కలో సుమారు 20 నుంచి 50 అమైనో ఆమ్లాలు.

తేడా మీరే ఇంట్లో చూడొచ్చు. పొడిని కొద్ది నీళ్లలో చిక్కగా కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. గడ్డకడితే అది జెలటిన్. నీళ్లలాగే ఉంటే ముక్కలు చేసిన పెప్టైడ్.

పేగు దగ్గర చెక్‌పోస్ట్

గ్లాసు ఖాళీ అయింది, పొడి పొట్టలోకి దిగింది. అక్కడ ఆమ్లంతో పాటు పెప్సిన్ అనే ఎంజైమ్ మొదటి కోత వేస్తుంది. చిన్న పేగులోకి వెళ్లగానే క్లోమం పంపిన ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ లాంటివి మిగతా పని అందుకుంటాయి. పేగు గోడ మీద కూడా కోసే ఎంజైములు కాపు కాస్తుంటాయి.

ఇంత కోత తర్వాత పేగు గోడ దాటడానికి ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. విడివిడి అమైనో ఆమ్లాలకు ఒక దారి. రెండేసి, మూడేసి అమైనో ఆమ్లాలు కలిసి ఉన్న బుల్లి ముక్కలకు ఇంకో దారి. ఈ రెండో గేటు పేరు పెప్ట్-1. నాలుగు కలిసి వస్తే ఆ గేటు తెరుచుకోదు.

డబ్బా మీద ‘తక్కువ డాల్టన్లు, కాబట్టి నేరుగా ఒంటబడుతుంది’ అని రాసే మాటను ఇక్కడ పెట్టి చూడండి. 2,000 డాల్టన్ల ముక్కలో కూడా ఇరవైకి పైగా అమైనో ఆమ్లాలు ఉన్నాయి. గేటులో పట్టేది మూడు. 2,000 అయినా 5,000 అయినా లోపల మళ్లీ కోత పడాల్సిందే. ముందే చిన్నగా ఉంటే ఆ పని కాస్త తొందరగా అవుతుందేమో గానీ, డబ్బాలో ఉన్న ముక్క ఉన్నది ఉన్నట్టుగా రక్తంలోకి వెళ్లే దారి మాత్రం ఇది కాదు.

ఇక్కడితో ఆపేస్తే కామెంట్ల బ్యాచ్ గెలిచినట్టే. కానీ ఇక్కడే ఒక ట్విస్ట్ ఉంది.

కత్తికి లొంగని జంట

ప్రోలిన్ నిర్మాణం మిగతా అమైనో ఆమ్లాల లాంటిది కాదు. దాని తోక వెనక్కి వంగి తన వెన్నెముకకే అతుక్కుని ఒక ఉంగరంలా ఉంటుంది. హైడ్రాక్సీప్రోలిన్ కూడా అంతే. ఈ ఉంగరాల వల్ల గొలుసు బిగుసుకుపోతుంది, మామూలు ఎంజైముల కత్తి ఆ సందులో దూరదు. ఈ రెండూ పక్కపక్కన ఉంటే ఆ జంటను విడదీయడం మరీ కష్టం. దాని పేరు ప్రోలిల్-హైడ్రాక్సీప్రోలిన్. పొడుగ్గా ఉంది కాబట్టి మనం ‘జంట’ అనే పిలుచుకుందాం. ఇద్దరే కాబట్టి పెప్ట్-1 గేటులో హాయిగా పడతారు. కొంత భాగం జంటగానే రక్తంలోకి వెళ్లిపోతుంది.

ఈ సంగతి ఎలా తెలిసింది? మా పనిలో ఒక రిక్వెస్ట్ ఏయే సర్వర్లు దాటి వెళ్లిందో తెలుసుకోవాలంటే ముందే దానికో ఐడీ తగిలిస్తాం. తర్వాత లాగ్స్‌లో ఆ ఐడీ కోసం వెతుకుతాం. కొలాజెన్‌కి ప్రకృతి పుట్టుకతోనే అలాంటి ఐడీ తగిలించింది. అదే హైడ్రాక్సీప్రోలిన్. అన్నం, పప్పు, పాలు, గుడ్డులోని తెల్లసొన, వీటిలో అది దాదాపు ఉండదు. కాబట్టి పొడి తాగాక రక్తంలో ఈ ఐడీ ఉన్న ముక్కలు పెరిగితే అవి ఆ పొడిలోంచి వచ్చినవే అని నమ్మొచ్చు.

జపాన్ పరిశోధకులు 2005లో సరిగ్గా ఇదే చేశారు. ఆరోగ్యంగా ఉన్న వాళ్లకు ఖాళీ కడుపుతో సుమారు 10 గ్రాముల నుంచి 20 గ్రాముల పైచిలుకు దాకా జెలటిన్ పెప్టైడ్లు ఇచ్చి, మధ్యమధ్యలో రక్తం తీసి చూశారు. తాగక ముందు ఈ ముక్కలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. ఒకటి రెండు గంటల్లో ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో 20 నుంచి 60 నానోమోల్స్‌కి చేరాయి. నాలుగో గంటకి సగానికి పడిపోయాయి. ఆ ముక్కల్లో ఎక్కువ భాగం మన జంటే.

సో, ‘అన్నీ అమైనో ఆమ్లాలైపోతాయి’ అన్నది పూర్తి నిజం కాదు. కొంత తప్పించుకుంటుంది. ఎంత?

వేళ్ల మీద లెక్క

20కి, 60కి మధ్యలో 40 తీసుకుందాం. పెద్దవాళ్ల ఒంట్లో ప్లాస్మా సుమారు 3 లీటర్లు, అంటే 3,000 మిల్లీలీటర్లు. రెండూ గుణిస్తే 1,20,000 నానోమోల్స్. ఈ జంట ఒక మోల్ బరువు 228 గ్రాములు. గ్రాముల్లోకి మారిస్తే వచ్చేది 0.027. అంటే 27 మిల్లీగ్రాములు.

తాగింది కనీసం 10 గ్రాములు. పీక్‌లో ఉన్నప్పుడు మొత్తం ప్లాస్మాలో కలిపి తేలుతున్న జంట 27 మిల్లీగ్రాములు. ఇది ఒక క్షణంలో తీసిన ఫొటో మాత్రమే అని ఒప్పుకోవాలి. అప్పటికే కొంత కణజాలాల్లోకి వెళ్లి ఉంటుంది, కొంత మూత్రంలో పోయి ఉంటుంది. అయినా సైజు మీద ఒక అంచనా వచ్చింది కదా. మన ఒంట్లో ఉన్న కొలాజెన్ మొత్తం కిలోల్లో ఉంటుంది.

ఇటుకలు కావు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ కాస్త జంట చర్మం దగ్గరికి వెళ్లిందే అనుకుందాం. అక్కడ కొత్త కొలాజెన్‌లో ఇటుకలా కూర్చుంటుందా?

కూర్చోదు. కారణం చాలా సింపుల్. మన డీఎన్‌ఏలో హైడ్రాక్సీప్రోలిన్‌కి కోడ్ లేదు. కణం కొలాజెన్ అల్లేటప్పుడు ముందు మామూలు ప్రోలిన్‌నే పెడుతుంది. పోగు తయారయ్యాక ఒక ఎంజైమ్ వచ్చి కొన్ని ప్రోలిన్‌ల మీద ఒక హైడ్రాక్సిల్ గుంపుని అతికిస్తుంది. ఆ ఎంజైమ్ సరిగ్గా పనిచేయాలంటే విటమిన్ సి కావాలి. విటమిన్ సి బాగా తగ్గిపోతే చిగుళ్లలోంచి రక్తం వచ్చే స్కర్వీ రావడానికి కారణం ఇదే. అంటే బయటి నుంచి రెడీమేడ్‌గా వచ్చిన హైడ్రాక్సీప్రోలిన్‌ని కొలాజెన్ అల్లే యంత్రం అసలు తీసుకోదు. అది ఐడీగా పనికొస్తుంది గానీ ఇటుకగా పనికిరాదు.

పొడిలోని గ్లైసిన్, మామూలు ప్రోలిన్ మాత్రం ఇటుకలుగా పనికొస్తాయి. అయితే అవి పప్పులోంచి వచ్చినా గుడ్డులోంచి వచ్చినా ఒకటే. వాటి మీద ‘చర్మానికి మాత్రమే’ అనే అడ్రస్ ఉండదు. కాలేయం, కండరం, పేగు, ఎవరికి అవసరమైతే వాళ్లు తీసుకుంటారు.

మరి జంట వల్ల ఉపయోగం ఏంటి? పరిశోధకుల దగ్గర ఒక ఆలోచన ఉంది. చర్మంలో కొలాజెన్ అల్లే కణాల్ని ఫైబ్రోబ్లాస్టులు అంటారు. చుట్టూ కొలాజెన్ తెగిపోతే దాని తునకలు వాటికి తగులుతాయి. మనం తాగిన జంట కూడా చూడ్డానికి అలాంటి తునకే. కాబట్టి ‘ఎక్కడో దెబ్బ తగిలింది, రిపేర్ మొదలెట్టు’ అన్న నోటిఫికేషన్‌లా అది పనిచేస్తుందేమో అని. నోటిఫికేషన్‌కి కిలోల సరుకు అక్కర్లేదు, మిల్లీగ్రాములు చాలు. అందుకే ఈ ఆలోచనని తేలిగ్గా కొట్టిపారేయలేం.

2009లో జపాన్‌లోనే ఎలుక చర్మం మీద ఇది పరీక్షించారు. జంటను కలిపిన ద్రవంలో ఫైబ్రోబ్లాస్టులు నిజంగానే ఎక్కువగా పెరిగాయి. కాకపోతే అక్కడ వాడిన గాఢత చూడండి. మిల్లీలీటరుకి 200 నానోమోల్స్. మనిషి రక్తంలో కనిపించింది 20 నుంచి 60, అదీ ఒకటి రెండు గంటలు. గాజు పళ్లెంలో మూడు నుంచి పది రెట్లు ఎక్కువగా, గంటల తరబడి నానబెట్టినప్పుడు కనిపించింది మన ముఖంలోనూ జరుగుతుందని చెప్పాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి.

ఎలుక కీలులో దొరికింది ఏంటి?

కీళ్ల గురించి మాట్లాడే ప్రతి వీడియోలో ‘కార్టిలేజ్‌లో పేరుకుంటుందని ప్రూవ్ అయింది’ అంటారు. దాని వెనక ఎక్కువగా ఉండేది 1999లో వచ్చిన ఒక ఎలుకల ప్రయోగం. జెలటిన్ పెప్టైడ్లకు కార్బన్-14 అనే రేడియోధార్మిక గుర్తు తగిలించి తినిపించారు. పన్నెండు గంటల్లో 95 శాతం పేగు దాటింది. గుర్తు తగిలించిన ప్రోలిన్ తిన్న ఎలుకలతో పోలిస్తే, పెప్టైడ్లు తిన్న ఎలుకల కార్టిలేజ్‌లో రెండు రెట్లకు పైగా గుర్తు కనిపించింది.

వినడానికి బాగుంది. కానీ రెండు విషయాలు పట్టించుకోవాలి. కొలిచే మెషీన్ కార్బన్-14 ఎంత ఉందో చెబుతుంది, అది ఏ రూపంలో ఉందో చెప్పదు. పెప్టైడ్ ముక్కగా ఉందా, పూర్తిగా విడిపోయిన గ్లైసిన్‌గా ఉందా అన్నది ఆ అంకెలోంచి తెలియదు. మా భాషలో చెప్పాలంటే లాగ్‌లో ఐడీ దొరికింది గానీ లోపల మెసేజ్ ఏముందో చదవలేకపోయాం.

రెండోది డోసు. ఆ ఎలుకలకు ఇచ్చింది ఒంటి బరువులో ఒక్కో గ్రాముకి 10 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి నేరుగా లెక్కేస్తే 600 గ్రాములు! చిన్న జంతువుల జీవక్రియ మనకంటే చాలా వేగం కాబట్టి దాన్ని సర్దుబాటు చేసి, 12తో భాగిస్తే దాదాపు 50 గ్రాములు. అయినా ఐదు స్కూప్‌లు ఒకేసారి తాగినట్టు.

పిన్ని అడిగిన ‘గుజ్జు’

గుంటూరు నుంచి మా పిన్ని పోయిన నెల ఫోన్ చేసింది. ‘‘ఒరేయ్ నాన్నా, ఇది తాగితే మోకాళ్లలో గుజ్జు మళ్లీ పెరుగుద్దంటగా? ఆ ఫిజియో దగ్గరికి పోవడం మానేసి ఈ డబ్బా తెప్పించుకుందామనుకుంటున్నా. రెంటికీ పెట్టలేం కదా’’ అంది. నాకు ఈ టాపిక్ మీద అసలు పట్టుదల వచ్చింది అక్కడే. నెలకి రెండు వేలు ఎటు వెళ్లాలి అన్న ప్రశ్న అది.

గుజ్జు అని మనం పిలిచేది ఎముకల చివర ఉండే కార్టిలేజ్. దానికి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే ద్రవంలోంచి ఊరి వచ్చిందే దానికి తిండి. పైగా అక్కడి కొలాజెన్ మారడం చాలా చాలా నెమ్మది. 2000లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని అంచనా కట్టింది. చర్మంలోని కొలాజెన్ సగం మారడానికి సుమారు 15 ఏళ్లు. కార్టిలేజ్‌లో 117 ఏళ్లు! మనిషి ఆయుష్షు కంటే ఎక్కువ.

2016లో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని ఇంకో చిత్రమైన పద్ధతిలో తేల్చారు. 1950లు, 60ల్లో దేశాలు గాలిలో అణుబాంబులు పరీక్షించినప్పుడు వాతావరణంలో కార్బన్-14 బాగా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గింది. ఏ ఏడాది తిన్న తిండిలో ఆ ఏడాది గాలి ముద్ర ఉంటుంది. వేర్వేరు సంవత్సరాల్లో పుట్టిన వాళ్ల మోకాలి కార్టిలేజ్ తీసి చూస్తే, అందులోని కొలాజెన్ మీద వాళ్లు పెరిగే వయసులో ఉన్నప్పటి ముద్రే ఉంది. తర్వాత దశాబ్దాల ముద్ర దాదాపు లేదు. కీళ్లవాతం వచ్చి అరిగిన మోకాళ్లలోనూ అంతే. పెద్దయ్యాక ఒళ్లు అక్కడ కొత్త కొలాజెన్ అల్లడం దాదాపు ఆపేస్తుందన్నమాట.

తాపీ మేస్త్రీ పని మానేసిన చోట ఇసుక లారీ దింపితే గోడ లేవదు. పిన్నికి ఇదే చెప్పాను. ‘‘గుజ్జు పెరగదు పిన్నీ. కొన్ని పరీక్షల్లో నొప్పి కాస్త తగ్గినట్టు చెప్పారు గానీ, నొప్పి తగ్గడం వేరు, గుజ్జు పెరగడం వేరు’’ అన్నాను. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2011లోనే కొలాజెన్ పెప్టైడ్ల ఫైల్ చూసి, కీళ్లకు మేలు చేస్తుందనడానికి కార్యకారణ సంబంధం రుజువు కాలేదని తేల్చింది. అరిగిన మోకాలికి తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గించుకోవడం పనిచేస్తాయనడానికి ఇంతకంటే చాలా గట్టి ఆధారాలున్నాయి. పిన్ని ఫిజియో మానలేదు. ‘‘మరి డబ్బా?’’ అంటే ‘‘చూద్దాంలే’’ అంది.

చర్మం సంగతి?

చర్మం విషయంలో మనుషుల మీద పరీక్షలు చాలానే జరిగాయి. చాలావాటిలో రోజుకి 2.5 నుంచి 10 గ్రాములు, రెండు మూడు నెలల పాటు ఇచ్చి, చర్మంలో తేమ, సాగే గుణం మెషీన్లతో కొలుస్తారు. 2025లో దక్షిణ కొరియా పరిశోధకులు ఇలాంటి 23 పరీక్షలు, 1,474 మంది ఫలితాలు కలిపి చూశారు. మొత్తంగా చూస్తే తేమ పెరిగింది, ముడతలు తగ్గాయి. వావ్ అనిపిస్తుంది.

తర్వాత వాళ్లు ఒకే ఒక ఫిల్టర్ పెట్టారు. డబ్బు ఎవరిచ్చారు? కంపెనీల సొమ్ముతో జరిగిన పరీక్షల్లో ఫలితం కనిపించింది. కంపెనీ సొమ్ము లేని వాటిని విడిగా చూస్తే ఏ ఒక్క కొలతలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నాణ్యత ఎక్కువున్న పరీక్షల్ని విడిగా చూసినా అదే కథ. దీనర్థం మిగతావాళ్లు అబద్ధం చెప్పారని కాదు. చిన్న చిన్న పరీక్షలు చాలా చేసి, అనుకూలంగా వచ్చినవే అచ్చయితే కూడా ఇలాగే కనిపిస్తుంది.

ఇంకో చిక్కు, డబ్బా వెనక చూడండి. కొలాజెన్‌తో పాటు విటమిన్ సి, బయోటిన్, హైలురోనిక్ యాసిడ్ కూడా కలిపి ఉంటాయి చాలావాటిలో. నాలుగు మార్పులు ఒకే రిలీజ్‌లో పుష్ చేసి, ఏది పనిచేసిందని అడిగితే ఎవరు చెప్పగలరు? పైగా ఏప్రిల్లో మొదలుపెట్టి జులైలో అద్దం చూసుకుంటే చర్మం మెత్తగానే ఉంటుంది. మధ్యలో వానలొచ్చి గాల్లో తేమ పెరిగింది మరి.

కొనాలనుకుంటే

ఇంత విన్నాక కూడా ట్రై చేయాలనిపిస్తే అది మీ ఇష్టం, మామూలుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పెద్ద హాని కనిపించలేదు. చేప నుంచి తీసినవి ఉంటాయి కాబట్టి చేప అలర్జీ ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్య వల్ల ప్రోటీన్ తగ్గించమన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా తీసుకోవద్దు. ‘వీగన్ కొలాజెన్’ అని రాసి ఉంటే లోపల చదవండి. మొక్కల్లో కొలాజెన్ ఉండదు, అందులో ఉండేది సాధారణంగా విటమిన్ సి, కొన్ని అమైనో ఆమ్లాలు.

ముఖ్యంగా ఒకటి. డబ్బా మీద ‘స్కూప్‌కి 9 గ్రాముల ప్రోటీన్’ అని చూసి పొద్దున తినే గుడ్లు మానేయకండి. కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం అసలు లేదు. అందుకే ప్రోటీన్ నాణ్యత కొలిచే మామూలు లెక్కలో దాని స్కోరు సున్నా. గుడ్డుకి పూర్తి మార్కులు, ధర పది రూపాయల లోపే.